నానిన నేల, నానని నేల: గోదావరి డెల్టాలో సీబీఆర్ పరీక్ష – రోడ్డు మందం

వ్యాససంగ్రహం

రోడ్డు ఎంత మందంగా వేయాలన్నది దాని కింది నేల బలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ బలాన్ని కొలవడానికి మన దేశంలో ఎక్కువగా వాడుతున్నది సీబీఆర్ పరీక్ష. ఒకే మట్టిని నానబెట్టి పరీక్షిస్తే ఒక విలువ, నానబెట్టకుండా పరీక్షిస్తే మరొక విలువ వస్తాయి. గోదావరి డెల్టాలోని బంకమట్టి నేలల్లో ఈ రెండింటి మధ్య తేడా ఎందుకు వస్తుంది, ఆ తేడా రోడ్డు మందాన్ని ఎంతగా మారుస్తుంది, డెల్టాలో ఏ విలువను ప్రమాణంగా తీసుకోవాలి అనే మూడు ప్రశ్నలను ఒక ఉదాహరణ గణనతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సీబీఆర్ పరీక్ష, సబ్‌గ్రేడ్, నానబెట్టిన నమూనా, నల్లరేగడి, గోదావరి డెల్టా, రోడ్డు మందం.

1. ప్రస్తావన

డెల్టా రైతుకు నేల ఒకే వస్తువు కాదు. వేసవిలో నెర్రెలిచ్చి గునపానికి కూడా లొంగని చేను, కాలువకు నీళ్లు వదిలిన కొద్ది రోజులకే మోకాలి లోతు దిగబడే బురద అవుతుంది. ఈ రెండింటికీ నడుమ, దున్నడానికి అనువైన తేమ ఉన్న స్థితిని రైతు ‘పదును’ అంటాడు. మట్టి అదే, మారింది నీరు. రోడ్డు ఇంజనీరు ‘సబ్‌గ్రేడ్’ అని పిలిచే అడుగునేల కూడా ఈ మట్టే. అయితే చేనులో తేమ మారితే రైతు తన పనిని మార్చుకోగలడు. రోడ్డు మందాన్ని మాత్రం ఋతువుకొక తీరుగా మార్చడం కుదరదు. ఒకసారి నిర్ణయించిన మందమే ఎండకూ వానకూ సరిపోవాలి. అందువల్ల అడుగునేల బలాన్ని ఏ స్థితిలో కొలవాలన్నది రోడ్డు రూపకల్పనలో మొదటి ప్రశ్న అవుతుంది.

2. పరీక్ష స్వరూపం

సీబీఆర్ అంటే కాలిఫోర్నియా బేరింగ్ రేషియో. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర రహదారుల విభాగంలో ఒ. జె. పోర్టర్ 1928–29 ప్రాంతంలో దీనిని రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాశ్రయాల నిర్మాణానికి అమెరికా సైనిక ఇంజనీర్లు దీనిని స్వీకరించడంతో ప్రపంచమంతటా వ్యాపించింది. మన దేశంలో ఈ పరీక్షా విధానాన్ని ఐ.ఎస్. 2720 ప్రమాణంలోని 16వ భాగం నిర్దేశిస్తుంది.

పరీక్ష వెనుక ఉన్న ఆలోచన సరళమైనది. 150 మి.మీ. వ్యాసం గల ఇనుప అచ్చులో మట్టిని నిర్ణీత తేమతో, నిర్ణీత సాంద్రతకు కుదించి నింపుతారు. 50 మి.మీ. వ్యాసం గల ఇనుప కడ్డీని, అంటే ప్లంజరును, నిమిషానికి 1.25 మి.మీ. వేగంతో అందులోకి దించుతారు. అది 2.5 మి.మీ., 5 మి.మీ. దిగడానికి ఎంత బలం పట్టిందో నమోదు చేస్తారు. నాణ్యమైన కంకరలోకి అంతే లోతు దిగడానికి వరుసగా 1370, 2055 కేజీల బలం కావాలని ప్రమాణంగా నిర్ణయించారు. మన మట్టి తీసుకున్న బలం ఈ ప్రమాణ బలంలో ఎంత శాతమో అదే దాని సీబీఆర్ విలువ. సాధారణంగా 2.5 మి.మీ. దగ్గరి విలువ ఎక్కువగా ఉంటుంది, దానినే తీసుకుంటారు. 5 మి.మీ. దగ్గరి విలువ ఎక్కువగా వస్తే పరీక్షను మళ్లీ చేసి, అప్పుడూ అలాగే వస్తే ఆ విలువను స్వీకరిస్తారు.

నానబెట్టని పరీక్షలో అచ్చు నింపిన వెంటనే ప్లంజరును దించుతారు. నానబెట్టిన పరీక్షలో అచ్చును 96 గంటలు, అంటే నాలుగు రోజులు, నీటిలో ముంచి ఉంచుతారు. భవిష్యత్తులో రోడ్డు పొరలు అడుగునేల మీద మోపే బరువుకు ప్రతిగా మట్టిపైన ఇనుప బిళ్లలను పెడతారు. మట్టి ఎంత ఉబ్బుతోందో డయల్ గేజి చూపిస్తుంది. నీటి నుంచి తీశాక 15 నిమిషాలు నీరు ఓడనిచ్చి, అప్పుడు ప్లంజరును దించుతారు.

3. నానితే బలం ఎందుకు పోతుంది?

మట్టి పూర్తిగా తడవనప్పుడు రేణువుల మధ్య సన్నని సందుల్లో నీరు కొంత, గాలి కొంత ఉంటాయి. ఆ కొద్ది నీరు తన తలతన్యతతో రేణువులను ఒకదానివైపు ఒకటి లాగి బిగించి ఉంచుతుంది. తడి ఇసుకతో పిల్లలు కట్టిన పిచ్చుకగూడు నిలబడేది ఈ లాగుడు వల్లనే. బంకమట్టిలో రేణువులు మరీ సూక్ష్మమైనవి కనుక ఈ లాగుడు ఎన్నో రెట్లు ఎక్కువ. నానబెట్టని బంకమట్టి చూపే బలంలో పెద్దభాగం ఈ అరువు బలమే. సందులన్నీ నీటితో నిండితే లాగడానికి ఏమీ మిగలదు, అరువు తీరిపోతుంది.

నల్లరేగడిలో దీనికి తోడు మరొకటి జరుగుతుంది. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ ఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఉబ్బిన మట్టిలో రేణువులు ఎడమవుతాయి, కష్టపడి కుదించి సాధించిన సాంద్రత కొంత పోతుంది. కాబట్టి నల్లరేగడి నానినప్పుడు రెండు విధాల నష్టపోతుంది. నది ఒడ్డునా లంకల్లోనూ కనిపించే ఇసుకపాలు ఎక్కువైన ఒండ్రుమట్టికి ఈ నష్టం తక్కువ. అంతర్వేది వైపు తీరపు ఇసుకలో నానిన విలువకూ నానని విలువకూ మధ్య తేడా స్వల్పం. అంటే రెండు విలువల మధ్య దూరం మట్టి స్వభావాన్ని కూడా చెబుతుంది. తేడా ఎక్కువగా ఉంటే ఆ మట్టి తన బలం కోసం పొడిదనం మీద ఆధారపడి ఉందని అర్థం.

ఇక్కడొక చిక్కు ఉంది. బంకమట్టిని కావలసినదానికంటే పొడిగా కుదిస్తే నానబెట్టని విలువ చాలా ఘనంగా కనిపిస్తుంది. అదే నమూనా నానినప్పుడు ఎక్కువగా ఉబ్బి, ఎక్కువగా కూలుతుంది. అనుకూల తేమ దగ్గర, లేదా దానికి కాస్త పైన కుదించిన నమూనా మొదట అంత గట్టిగా కనిపించకపోయినా నానిన తరువాత తక్కువ నష్టపోతుంది. పొడిగా ఉన్నప్పుడు మెప్పించిన మట్టినే నమ్మడం ఇందుకే ప్రమాదకరం.

4. అంకెలు మందంగా మారే తీరు

ఒక పల్లె రోడ్డును ఊహిద్దాం. ఒకవైపు వరిచేను, పక్కనే పంటబోదె, మరొకవైపు చేపలచెరువు. అడుగునేల నల్లరేగడి. కింది అంకెలు వివరణ కోసం ఎంచుకున్నవి, ఏ ఒక్క రోడ్డుకూ చెందినవి కావు. అయితే ఇటువంటి మట్టిలో ఈ స్థాయి తేడా అసాధారణం కాదు.

నానబెట్టని నమూనాలో ప్లంజరు 2.5 మి.మీ. దిగడానికి 110 కేజీల బలం పట్టిందనుకుందాం. 1370లో 110 అంటే 8 శాతం. నానబెట్టిన నమూనాలో 28 కేజీలే పట్టింది. అంటే 2 శాతం. దాదాపు సగం సిమెంటు బస్తా బరువుకే ప్లంజరు అంత లోతు దిగిపోయిందన్నమాట. నానిన నాలుగు రోజుల్లో మట్టి 5.1 మి.మీ. ఉబ్బింది. నమూనా మొదటి ఎత్తు 127.3 మి.మీ. కాబట్టి ఉబ్బు 4 శాతం.

ఈ విలువల నుంచి మందం ఎలా వస్తుందో చూడటానికి అమెరికా సైనిక ఇంజనీర్ల పాత సూత్రం అనువుగా ఉంటుంది. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇప్పటికీ దీనిని బోధిస్తారు.

```
t = √P × √( 1.75/CBR − 1/(π·p) )
```

ఇందులో t అడుగునేలపై ఉండవలసిన మొత్తం మందం, సెం.మీ.లలో. P చక్రం బరువు, కేజీలలో. p టైరు ఒత్తిడి, చదరపు సెం.మీ.కు కేజీలలో. చక్రం బరువు 4085 కేజీలు, టైరు ఒత్తిడి 7 అనుకుంటే ఫలితాలు ఇలా వస్తాయి.

సీబీఆర్ 8 శాతం అయితే మందం 26.6 సెం.మీ.
సీబీఆర్ 5 శాతం అయితే మందం 35.3 సెం.మీ.
సీబీఆర్ 3 శాతం అయితే మందం 46.9 సెం.మీ.
సీబీఆర్ 2 శాతం అయితే మందం 58.2 సెం.మీ.

ఈ వరుసలో గమనించవలసింది ఒకటుంది. సీబీఆర్ 8 నుంచి 5కు మూడు అంకెలు తగ్గితే మందం 9 సెం.మీ. కంటే తక్కువే పెరిగింది. 3 నుంచి 2కు ఒక్క అంకె తగ్గితేనే 11 సెం.మీ. పైగా పెరిగింది. బలహీనమైన నేలల్లో ఒక్క శాతం తేడాకు కూడా చాలా విలువ ఉంది. డెల్టా బంకమట్టి నానిన తరువాత ఉండేది ఈ దిగువ కొసలోనే.

నానని విలువను నమ్మితే 26.6 సెం.మీ., నానిన విలువను నమ్మితే 58.2 సెం.మీ. తేడా 31.6 సెం.మీ. 3.75 మీటర్ల వెడల్పు గల రోడ్డుకు కిలోమీటరుకు ఇది సుమారు 1185 ఘనపు మీటర్ల అదనపు గ్రావెల్, కంకర. డెల్టాలో రాయి గానీ గ్రావెల్ గానీ దొరకదు, మెట్ట ప్రాంతం నుంచి లారీల మీద రావాలి. కాబట్టి నివేదికలో 2కు బదులు 8 కనిపిస్తే అంచనా వ్యయం బాగా తగ్గుతుంది. నానబెట్టని విలువ వైపు మొగ్గు కలగడానికి కారణం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ప్రశ్నను తిప్పి వేద్దాం. 26.6 సెం.మీ. మందంతో రోడ్డు వేశాక అడుగునేల నాని సీబీఆర్ 2కు పడిపోతే ఆ రోడ్డు ఎంత చక్రం బరువును మోయగలదు? అదే సూత్రాన్ని వెనుక నుంచి లెక్కిస్తే సుమారు 850 కేజీలు వస్తుంది. 4085 కేజీల కోసం వేసిన రోడ్డు తడికాలంలో అందులో అయిదో వంతు బరువుకే పనికివస్తుంది. మొత్తం 5 టన్నుల బరువున్న ధాన్యం ట్రక్కు నాలుగు చక్రాల మీద నిలిస్తే ఒక్కో చక్రం మీద 1250 కేజీలు పడతాయి. లారీ సంగతి అటుంచి, ట్రాక్టరు వెనుక ట్రక్కుకే ఆ రోడ్డు చాలదు.

ఈ సూత్రానికి ఒక పరిమితి ఉంది. రోడ్డుమీద చక్రాలు ఎన్నిసార్లు తిరుగుతాయన్నది ఇందులో లేదు. ఇప్పుడు అమలులో ఉన్న ఐఆర్‌సీ 37 మార్గదర్శకాలు వాహనాల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటాయి. సీబీఆర్‌ను నేరుగా వాడకుండా దాని నుంచి అడుగునేల స్థితిస్థాపక గుణకాన్ని రాబడతాయి. సీబీఆర్ 5 వరకు ఆ గుణకం సీబీఆర్‌కు పది రెట్లు, అంతకుమించితే 17.6 × CBR^0.64, మెగాపాస్కల్‌లలో. మన ఉదాహరణలో ఇది నానిన నేలకు 20, నానని నేలకు 66.6 అవుతుంది. పద్ధతి మారినా తేడా మూడు రెట్లకు పైగానే నిలిచింది. ఏ విలువతో మొదలుపెట్టామన్న ప్రశ్నను కొత్త పద్ధతి కూడా తప్పించదు.

5. డెల్టాలో ఏది ప్రమాణం?

నాలుగు రోజులు నానబెట్టడం అన్నిచోట్లా న్యాయం కాదు. వర్షపాతం 1000 మి.మీ. కంటే తక్కువగా ఉండి, మందమైన తారుపొరలతో బాగా కాపాడిన అడుగునేలకు ఇది మరీ కఠినమైన షరతు అవుతుందని ఐఆర్‌సీ 37–2012 గుర్తించింది. అటువంటి చోట నానిన విలువనే పట్టుకుంటే అవసరం లేని మందానికి డబ్బు పోస్తాం. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: బరువు పడే రోజుల్లో ఈ నేల నిజంగా ఏ స్థితిలో ఉంటుంది?

గోదావరి డెల్టాలో దీనికి సమాధానం చాలావరకు స్పష్టం. వార్షిక వర్షపాతం 1000 మి.మీ. దాటుతుంది. నైరుతి వానల తరువాత అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు వస్తాయి. అంతకంటే ముఖ్యమైనది కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టా నేల తడి వానమీద మాత్రమే ఆధారపడలేదు. సార్వాకూ దాళ్వాకూ నీరు పారే నెలలన్నీ చేలు తడిగా ఉంటాయి, రోడ్లలో చాలాభాగం కాలువగట్ల మీదో వాటి పక్కనో నడుస్తాయి. భీమవరం, ఉండి ప్రాంతాల్లో రోడ్డుకు ఇరువైపులా చేపలచెరువులు వచ్చాక కాలువలు కట్టేసే వేసవి విరామం కూడా అడుగునేలకు పూర్తిగా దక్కడం లేదు.

నీరు రోడ్డుపైనుంచి మాత్రమే దిగుతుందనుకోవడం పొరపాటు. పక్కనుంచి ఊరుతుంది, కింది నుంచి కేశనాళికల గుండా ఎగబాకుతుంది. భూగర్భ జలమట్టం ఎంత లోతులో ఉంటే అడుగునేల తేమను శాసిస్తుందన్నది మట్టిని బట్టి ఉంటుంది. గ్రామీణ రోడ్ల కోసం వచ్చిన ఐఆర్‌సీ ఎస్పీ 72 మార్గదర్శకాలు ఇసుక నేలలకు 1 మీటరు, తక్కువ జిగట గల బంకమట్టికి 3 మీటర్లు, భారీ బంకమట్టికి 7 మీటర్ల లోతును హద్దుగా చెబుతాయి. జలమట్టం నేలకు దగ్గరగా ఉండే పల్లపు డెల్టాలో భారీ బంకమట్టి ఈ హద్దుకు ఎంతో లోపల ఉంటుంది.

“1986 ఆగస్టు వరద వంటిది ఎప్పుడో గాని రాదు, దానికోసం ఇంత మందమా?” అన్న ఆక్షేపణ వినిపించవచ్చు. నాలుగు రోజుల నానుడు వరదకు ప్రతీక కాదు. మామూలు ఏడాదిలో మామూలు పంటకాలంలో అడుగునేల చేరుకునే స్థితికి అది దగ్గరి నమూనా. పైగా డెల్టాలో తడి కాలమూ బరువు కాలమూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తుపాను వానలకు నేల నాని ఉండగానే సార్వా కోతలు మొదలవుతాయి. ధాన్యం బండ్లన్నీ రోడ్డెక్కేది అప్పుడే. నేల అత్యంత బలహీనంగా ఉన్నప్పుడు రోడ్డు అత్యధిక బరువును మోయాలి. మే నెలలో నేల మీద తీసుకున్న కొలత ఈ రెండింటిలో దేనినీ చూడలేదు.

అదే రాజానగరం వైపు మెట్టకు వెళితే సంగతి మారుతుంది. ఎర్రనేల, వాలున్న భూమి, పక్కన నిలిచే నీరు లేదు. అక్కడ కూడా వానలున్నాయి గనుక నానిన విలువను చూడాల్సిందే, కానీ నానినా నానకున్నా ఆ మట్టి విలువల్లో అంతటి పతనం ఉండదు. ఒకే జిల్లాలో ఇరవై కిలోమీటర్ల దూరంలో వేసే రెండు రోడ్లకు ఒకే మందం ఎందుకు పనికిరాదో దీనివల్ల తెలుస్తుంది.

6. నివేదికను చదవడం, రోడ్డును చదవడం

పరీక్ష నివేదికలో సీబీఆర్ అంకె ఒక్కటే ఉంటే అది అసంపూర్ణం. నమూనాను ఏ తేమతో ఏ సాంద్రతకు కుదించారు, నానిన తరువాత తేమ ఎంత, ఎంత ఉబ్బింది అన్న మూడూ ఉండాలి. ఆ సాంద్రత నిర్మాణంలో సాధించబోయే సాంద్రతే కావాలి. నానబెట్టామని చెప్పిన నల్లరేగడి నమూనాలో ఉబ్బు దాదాపు లేదని రాసి ఉంటే అనుమానించాలి.

భారీ బంకమట్టి విషయంలో మరొక జాగ్రత్త కావాలి. నీరు అందులోకి చాలా నెమ్మదిగా చొరబడుతుంది. నాలుగు రోజుల తరువాత కూడా నమూనా నడిమి భాగం పూర్తిగా నానకపోవచ్చు. డయల్ గేజి నాలుగో రోజున కూడా పైకి కదులుతూనే ఉంటే నానడం ఇంకా ముగియలేదని అర్థం. పరీక్ష అయ్యాక పై 3 సెం.మీ. మట్టి తేమను, మొత్తం నమూనా తేమను వేర్వేరుగా చూస్తే ఈ సంగతి తేలుతుంది. కాబట్టి భారీ బంకమట్టిలో 96 గంటల విలువను ‘ఇంతకంటే తగ్గదు’ అనే హామీగా తీసుకోకూడదు.

వేసిన రోడ్డు చెడినప్పుడు లోపం పైపొరదా అడుగునేలదా అన్నది కూడా గుర్తించవచ్చు. తారు లేచి గుంతలు పడి, కింది కంకర వరస కదలకుండా ఉంటే అది పైపొర జబ్బు. చక్రాలు నడిచే దారిలో పొడవైన వెడల్పాటి లోతులు ఏర్పడి, వాటి పక్కన రోడ్డు ఉబికి లేస్తే జబ్బు అడుగున ఉంది. నిర్ధారణకు రోడ్డుకు అడ్డంగా చిన్న కందకం తవ్వాలి. చక్రపు లోతు అడుగునేల పైభాగంలోనూ అలాగే దిగి ఉండి, కంకర బంకమట్టిలో కూరుకుపోయి ఉంటే, అడుగునేల నానిన స్థితికి చాలినంత మందం వేయలేదని తేలినట్టే. అటువంటి రోడ్డుకు పైన మరో తారుపొర వేస్తే లోతులు కొన్నాళ్లు కనబడవు, అంతే.

7. మందం ఒక్కటే మార్గమా?

నానిన విలువను ఒప్పుకోవడమంటే ప్రతి రోడ్డునూ 58 సెం.మీ. మందంతో వేయాలని కాదు. ఆ విలువను మెరుగుపరచే దారులున్నాయి. అడుగునేల పైభాగాన నల్లరేగడికి బదులు మెట్ట నుంచి తెచ్చిన ఎర్ర గ్రావెల్‌ను కుదించి వేయవచ్చు. ఉబ్బే నేలలపై 0.6 నుంచి 1 మీటరు మందాన ఉబ్బని మట్టి పొరను వేయాలని ఐఆర్‌సీ సూచిస్తుంది. బంకమట్టిలో సున్నం కలిపితే దాని ఉబ్బు తగ్గి, నానిన తరువాతి బలం పెరుగుతుంది. రోడ్డును ఎత్తు చేసి, అడుగునేల అడుగుకూ అత్యధిక నీటిమట్టానికీ నడుమ 0.6 నుంచి 1 మీటరు ఎడం ఉంచడం మరొక దారి.

వీటిలో ఏది చేసినా ఫలితాన్ని మళ్లీ నానబెట్టే కొలవాలి. పైన మంచి మట్టి వేశాం కనుక దాని విలువనే మొత్తం అడుగునేలకు ఆపాదించడమూ సరికాదు. కింద మెత్తని బంకమట్టి ఉంటే పైపొర బలం కొంత తగ్గినట్టే లెక్క. ఐఆర్‌సీ 37 ఈ రెంటినీ కలిపి ఒక ప్రభావ సీబీఆర్‌ను లెక్కించమంటుంది.

8. ముగింపు

సీబీఆర్ మట్టికి పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు. ఫలానా తేమలో, ఫలానా సాంద్రతలో ఆ మట్టి చూపే ప్రవర్తన. అందుచేత స్థితిని చెప్పకుండా విలువను మాత్రమే చెప్పడం సగం మాటే అవుతుంది. మన ఉదాహరణలో ఒకే మట్టి 8 అనీ 2 అనీ రెండు సమాధానాలు ఇచ్చింది, రెండూ నిజమే. మొదటిది మే నెల నేలకు, రెండవది సార్వా కోతల నాటి నేలకు చెందినవి. మొదటిదాన్ని ఎంచుకుంటే కిలోమీటరుకు 1185 ఘనపు మీటర్ల సామగ్రి ఆదా అవుతుంది, రోడ్డు మోయగల బరువు మాత్రం తడికాలంలో అయిదో వంతుకు పడిపోతుంది. కాలువ, చేను, చెరువు మూడూ ఆనుకొని ఉన్న డెల్టా రోడ్డుకు ప్రమాణం నానిన నేలే. నానబెట్టని విలువను పారవేయనక్కరలేదు. దానిని పక్కన పెట్టి చూస్తే ఆ మట్టిని నీటి నుంచి ఎంతగా కాపాడుకోవాలో తెలుస్తుంది.